తుడిచేసిన బ్యాచ్ నంబరు

నీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే సీసాలు చూడటం అని చెబుతాను. తాగే సీసాలు కావు లెండి. నేల తుడిచే మందు, బాత్రూం కడిగే మందు, బట్టల సబ్బుపొడి ప్యాకెట్లు. అవి కూడా ఎదురుగా ఉండవు, ఫొటోల్లో ఉంటాయి. యాంగూన్‌లో, అంటే మన పాతవాళ్ల రంగూన్‌లో, దుకాణాలకు ఆ సరుకు చేరవేసే ఏజెన్సీ ఒకటి నాకు జీతమిస్తుంది. వాళ్ల సేల్స్ మనుషులు దుకాణానికి వెళ్లినప్పుడల్లా లేబుల్‌ది ఒకటి, మూతది ఒకటి, బ్యాచ్ నంబరుది ఒకటి ఫొటోలు తీసి ఫోనులో పంపుతారు. తామ్వే పేటలో, లిఫ్టు లేని భవనంలో, పైఅంతస్తు ఇంట్లో కూర్చుని అది అసలు సరుకో నకిలీయో నేను తేలుస్తాను.

నాకు ముక్కు మీదే కోపమని మా అమ్మ అనేది. ఆ మనుషులు పంపే ఫొటోలు చూస్తే అమ్మకైనా వచ్చేది. ప్రింటు మసగ్గా ఉందని రాస్తారు. చూస్తే సీసా అంచు మసక, సీసా పెట్టిన అర మసక, వెనక గోడా మసక. అది ప్రింటు తప్పు కాదు నాయనా, నీ చెయ్యి వణికింది అని తిరిగి రాస్తాను. సీసా అంచు కత్తిలా స్పష్టంగా ఉండి, లేబుల్ మీది చిన్న అక్షరాలు మాత్రమే ఉబ్బి ఒకదానికొకటి అంటుకుంటే అప్పుడు అనుమానించాలి. నకిలీవాళ్లు అసలు లేబుల్‌ని స్కాన్ చేసి మళ్లీ అచ్చు వేస్తారు. పెద్ద అక్షరాలు బాగానే వస్తాయి, చిన్నవి అలుక్కుపోతాయి. ఎర్ర రంగు గీత దాటి పక్కకు జారుతుంది.

మూత సంగతి వేరు. మూత కింద ఒక ప్లాస్టిక్ వలయం ఉంటుంది. సన్నని పోగుల్లాంటి ముక్కలు దాన్ని మూతకు కలిపి ఉంచుతాయి. మొదటిసారి తిప్పగానే అవి టపటపా తెగిపోతాయి. ఖాళీ సీసాలు కొని, రంగునీళ్లు నింపి అమ్మేవాళ్లకు అసలు సీసా దొరుకుతుంది, అసలు లేబుల్ దొరుకుతుంది, కానీ తెగిన పోగు మళ్లీ అతకదు. ఇక బ్యాచ్ నంబరు. ఫ్యాక్టరీలో సీసా కదిలిపోతుంటే మిషను సిరా చుక్కలతో చిమ్మే అంకెలవి. మేం చూసే నేల మందు మీద నంబరు పక్కన తయారైన టైము కూడా పడుతుంది కాబట్టి, సీసా సీసాకీ నిమిషాలు కాస్త మారుతుంటాయి. అర మీదున్న సీసాలన్నింటికీ ఒకే నిమిషం ఉంటే ఆ సరుకు ఎక్కడో ఇంట్లో పుట్టిందన్నమాట.

అమ్మ పోయాక నాకు మాట్లాడటానికి మిగిలింది ఈ సీసాలే. ఇంట్లో తెలుగు అమ్మతోనే ఉండేది. అమ్మతోనే పోయింది. పక్కింటివాళ్లతో బర్మా మాట, ఆఫీసుతో బర్మా, ఇంగ్లీషు కలిపిన మాట. తెలుగులో నేను పలికేదల్లా పొద్దున్న దీపం పెట్టేటప్పుడు దేవుడితో ఒకటి రెండు ముక్కలు. ఆయన తిరిగి మాట్లాడడు. ఒంటరిగా ఉండటం అలవాటైపోయిందని అందరితో అంటాను గాని, అలవాటు కాలేదు.

ఒక రోజు ఊరి చివరి లైంగ్‌థార్యార్ నుంచి ఫొటోలు వచ్చాయి. బట్టల ఫ్యాక్టరీలున్న వీధి పక్క చిన్న దుకాణం. ‘నంబరు చెరిపేసిన సరుకు, నకిలీ’ అని సేల్స్ మనిషి ముందే తీర్పు రాసి పంపాడు. నంబరు లేని సరుకంటే మామూలుగా గడువు దాటినదో, దొంగదారిన వచ్చినదో, నకిలీయో అయి ఉంటుంది. నేను నకిలీ అని ముద్ర వేస్తే ఏజెన్సీ ఆ దుకాణానికి సరుకు ఆపేస్తుంది, ఉన్న సీసాలు పట్టుకుపోతుంది. అలాంటి చిన్న దుకాణానికి ఆ తర్వాత మిగిలేది తాళం వేసుకోవడమే.

ఆ ముద్ర వేసేసేదాన్నే, ఎందుకో ఆగాను. లేబుల్ ఫొటో పెద్దది చేసి చూశాను. చిన్న అక్షరాలు చీమ కాళ్లలా విడివిడిగా, స్పష్టంగా ఉన్నాయి. మూత చూశాను. పోగులన్నీ ఉన్నాయి, వలయానికీ మూతకీ మధ్య సందు లేదు. ఇంత శుభ్రమైన సీసాకు నంబరు ఒక్కటీ ఎందుకు లేదు? బ్లేడుతో గీకితే ప్లాస్టిక్ మీద గీతలు పడతాయి. ఇక్కడ నున్నగా మెరుస్తోంది. పక్కనుంచి టార్చి వేసి మళ్లీ ఫొటో తియ్యమని ఆ మనిషికి రాశాను. తను వేరే వార్డుకి వెళ్లిపోయానని, సాయంత్రంలోగా తేల్చెయ్యమని జవాబిచ్చాడు. నాకు ఒళ్లు మండింది. దుకాణం ఫోను నంబరు కాగితాల్లో ఉంది. నేనే వీడియో కాల్ చేశాను.

ముందు ఇంటి కప్పు కనిపించింది. తర్వాత ఒక బొటనవేలు. ఆ తర్వాత కుంకుమ బొట్టు పెట్టిన గడప, నెరిసిన జుట్టు, కంగారు పడుతున్న ముసలి మొహం. బర్మా మాటలో పిన్నమ్మ వరస పెట్టి ‘అడో’ అని పిలిచి, ఏజెన్సీ నుంచి అని చెప్పాను. సీసాల మీద నంబర్లు ఎవరు చెరిపారని అడిగాను. ఆవిడ బర్మా మాటలోనే ‘నాకేం తెలీదు’ అని, మొహం పక్కకు తిప్పి తనలో తాను గొణుక్కుంది.

“ఓలమ్మో, పొద్దుట ఆడొచ్చి దొంగసరుకన్నాడు, ఇప్పుడీ పిల్లేటి అడుగుతందో!”

తెలుగు! అచ్చం అమ్మ మాట. “నాను నిన్ను దొంగన్నట్టు అడగట్లేదు పిన్నీ, సీసాలు సూడాలంతే” అన్నాను. అన్నాక నాకే వింతగా అనిపించింది. అంత పొడుగు తెలుగు మాట నేను పలికి ఎంతకాలమైందో.

ఆవిడ ఫోనుని కళ్లకు ఆనించుకుని చూసింది. “తెలుగుపిల్లవా? ఎవులమ్మాయివే?”

ఎవరమ్మాయినో చెప్పాను. మా తాతలు ఓడరేవులో మూటలు మోసినవాళ్లని చెప్పాను. ఆవిడ పెద్దవాళ్లు చిన్న వర్తకం చేసేవారట. పక్క దుకాణాల తెలుగువాళ్లు ఒక్కొక్కరే ఎటో వెళ్లిపోయారట. చుట్టూ ఫ్యాక్టరీలు మూతపడుతుంటే కొనేవాళ్లు పలచబడ్డారట. చెప్పుకుంటూ పోతోంది. నేను ఆపలేదు. సాయంత్రం దగ్గర పడుతోందని గుర్తొచ్చాక సీసాని టార్చి వెలుగుకి ఏటవాలుగా పెట్టమన్నాను. అప్పుడు కనిపించింది. మెడ దగ్గరి గాడిలో రెండు మూడు నల్ల చుక్కలు మిగిలి ఉన్నాయి. మిగతాదంతా ఒకే వైపు అలికిన లేత నీడ. అది గీకుడు కాదు, తుడుపు.

“పిన్నీ, వీటిని దేంతో తుడుత్తన్నావు?”

“సేతులకి రాసుకునే స్పిరిట్టుందే, దాంతో. గుడ్డ తడిపి రోజూ తుడుత్తాను. లారీల దుమ్ము కదమ్మా.”

మిషను చిమ్మే సిరాకు స్పిరిట్ తగిలితే కరిగిపోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, శుభ్రం చేయబోయి సరుకు పుట్టుక ఆనవాలే తుడిచేసింది. ఆ మాట నాకు తెలిస్తే సరిపోదు, ఆఫీసులో సూపర్‌వైజర్‌కి చూపించాలి. తెరవని పెట్టె ఏదైనా ఉందా అని అడిగాను. పై అరలో ఒకటుంది, అందక దించలేదంది. ఫోను బల్ల మీద నిలబెట్టి, దించడానికి స్టూలెక్కింది. పడకు పిన్నీ, పడకు అని ఇక్కడ కూర్చుని అరవడం తప్ప నేనేం చెయ్యగలను!

ఫోనులో రికార్డు పెట్టాను. అట్టపెట్టె మీద కంపెనీ టేపు చెక్కుచెదరలేదు, పక్కన బ్యాచ్ నంబరు ఉంది. టేపు కోయించి సీసాలు ఒక్కొక్కటే దగ్గరగా చూపించమన్నాను. అన్నింటి మీదా పెట్టె మీదున్న నంబరే. పక్కన నిమిషాలు మాత్రం ఒక దాని మీద ఒకటి, ఇంకోదాని మీద ఇంకొకటి. ఇప్పుడు ఒక్క సీసాని రోజూ తుడిచినట్టే తుడువు అన్నాను.

ఆవిడ గుడ్డ తడిపి, సీసాని చంటిపిల్లని పట్టుకున్నట్టు ఒడిలో పెట్టుకుని, మెడ మీద ఒక్క రాపు రాచింది. అంకెలు నల్లగా జారి గుడ్డకు అంటుకున్నాయి. ఆవిడ గుడ్డ వైపూ సీసా వైపూ మార్చి మార్చి చూసింది.

“నానేనా?” అంది. “ఇన్నాళ్లూ నా సేత్తో నానే సెరుపుకున్నానా?”

“తెలీక సేసేవు పిన్నీ.”

గుడ్డ మడిచి పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది. కరోనా వచ్చిన ఏడాది వాళ్లాయన దాంతోనే పోయారట. ఎవరో ముట్టుకున్న సరుకు ముట్టుకోవడం వల్లే వచ్చిందని ఆవిడ నమ్మకం. కాదని నేను చెప్పబోయి ఊరుకున్నాను. అప్పటినుంచి పై అర నుంచి కింది అర దాకా తుడవడం, అయిపోతే మళ్లీ మొదటినుంచి తుడవడం. “అప్పుడే తుడిసుంటే ఉండేవోరేమో” అంది.

రికార్డు అక్కడికి ఆపేశాను. ఆ మాట ఆఫీసుకి అక్కర్లేదు.

అసలు సరుకే అని రాసి, వీడియో జతచేసి పంపాను. సూపర్‌వైజర్ నన్ను రెండు ప్రశ్నలు అడిగి ఒప్పుకున్నాడు. సరుకు ఆపరు, సీసాలు పట్టుకుపోరు. ఒకే ఒక్క షరతు: ఇక మీద స్పిరిట్‌తో తుడవకూడదు. మళ్లీ నంబర్లు పోతే మాత్రం ఎవరి మాటా వినరు. సంతోషంగా ఉంది నాకు. చాలా రోజుల తర్వాత ఒకరికి మంచి కబురు తెలుగులో చెప్పబోతున్నాను. వెంటనే ఫోను చేశాను.

దుకాణం నిలబడిందని చెప్పగానే ఆవిడ దేవుడికి దండం పెట్టుకుంది, నాకూ పెట్టింది. వద్దన్నా వినలేదు. తర్వాత షరతు చెప్పాను.

“తుడవొద్దా?” అంది.

“స్పిరిట్టుతో వద్దు పిన్నీ. పొడిగుడ్డతో దుమ్ము దులుపుకో సాలు. కష్టమూ ఉండదు, బేగి అయిపోద్ది.”

ఆవిడ అరల వైపు తిరిగి పై నుంచి కింది దాకా చూసింది.

“అదేనమ్మా,” అంది, “బేగి అయిపోద్ది. మరి మిగిలిన పొద్దంతా ఏటి సెయ్యాల?”