మొహం చూసి వేసిన వయసు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఈ ఒక్క సంగతిలో మాత్రం తిట్టడానికి నాకు నేను తప్ప ఎవరూ దొరకలేదు.

డిగ్రీ చదివే రోజుల్లో ఆళ్లగడ్డలో ఆధార్ సెంటర్ మెట్ల మీద కూర్చుని, రాయడం రాని ఆడవాళ్లకు ఫారాలు నింపిపెట్టేదాన్ని. పుట్టిన తేదీ అడిగితే అందరిదీ ఒకటే మాట. "నాకేం దెలుసు పాపా, నీకు తోచింది రాయి." తేదీ అందరికీ జనవరి ఒకటే. సంవత్సరం మాత్రం మొహం చూసి వేసేదాన్ని. మా వీధిలో నేను చిన్నమ్మా అని పిలిచే ఆమెకూ అలాగే వేశాను. మిరప చేలల్లో కూలికి పోయి ఎండకు మాడిన మొహం. నలభై ఆరు ఉంటాయనుకున్నాను. గొప్పగా కనిపెట్టానులే.

పద్నాలుగేళ్లు గడిచాయి. చిన్నమ్మ ఆయాగా పనిచేసే ప్రైవేటు హాస్టలు వాళ్లు కార్డు చూసి, అరవై నిండాయి, నెలాఖరుకు మానుకోమన్నారు. మొగుడు లేడు, ఆ పనే ఆమెకు కూడు.

"మా చిన్నాయన కొడుకూ నేనూ ఒకే వారంలో పుట్టినాం. మాయమ్మకు పాలు రాకపోతే వాళ్లమ్మే నాకూ ఇచ్చిందంట. వాని బడి కాగితం ప్రకారం వానికిప్పుడు యాభై రెండే పాపా," అని చిన్నమ్మ నాతో చెప్పింది. అంటే నేను ఆమెను ఎనిమిదేళ్లు ముందుకు తోసేశాను. తేదీ మార్పించడానికి ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాను. వాడి కాగితం నీకెట్లా చెల్లుతుందన్నారు. ఆమె బడి మొహమే చూడలేదు, ఆమెకంటూ కాగితం ఎక్కడిది?

అప్పటికి నేను నంద్యాలలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తున్నాను. ముసలితనం మీద పరిశోధన చేసే నగరం వాళ్లకు, మేం చుట్టుపక్కల ఊళ్లలో రక్తం తీసి పంపుతున్నాం. చిన్నమ్మ రక్తం కూడా నేనే తీశాను. పుట్టి ఎన్నేళ్లయిందన్నది ఒక లెక్క, ఒళ్లు ఎంత ముదిరిందన్నది ఇంకో లెక్క. రక్త కణాల్లోని డీఎన్ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులుంటాయి. వయసు పెరిగేకొద్దీ అవి కొన్ని చోట్ల పెరుగుతాయి, కొన్ని చోట్ల తరుగుతాయి. వయసు ముందే తెలిసిన వేలమంది గుర్తులతో కట్టిన సూత్రంలో వీటిని వేస్తే ఒక అంకె వస్తుంది. దాన్నే ఎపిజెనెటిక్ గడియారం అంటారు.

చిన్నమ్మకు యాభై మూడు వచ్చింది. నాకు నోరాగలేదు. ఫోన్ చేసి చెప్పేశాను. అదీ నా రెండో తప్పు.

నగరం నుంచి వచ్చిన జాబితాలో ఆమె పేరు పక్కన ఒక మాట రాసి ఉంది: 'కార్డు వయసు కంటే ఏడేళ్లు తక్కువ, ఏం తింటుందో కనుక్కోండి.' నా ఒళ్లు మండింది. ఏం తింటుంది! రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి. ఆ కార్డులో వయసు నేను ఊహించి వేసిందని మా డాక్టరుగారికి ఒప్పుకున్నాను. ఈ అంకెతోనే సరిచేయిద్దాం, ఒక కాగితం రాసివ్వండి సార్ అని బతిమాలాను.

ఆయన పెద్దమనిషి, విసుక్కోలేదు. "కార్డు నిజమైతే, ఆమె ఒళ్లు వయసు కంటే నిదానంగా ముదురుతాందని చెప్పొచ్చు. అబద్ధమైతే, ఆమె వయసు ఆమెకుందంతే. రెండింట్లో ఏదని ఈ అంకెకు తెలీదమ్మా. పైగా మనిషిని బట్టి కొన్నేళ్లు అటూ ఇటూ పోతాది. దీన్ని పట్టుకొని పుట్టిన తేదీ ఎట్లా రాసేది?" అన్నాడు. ఆమె వయసు రుజువు కాలేదని నగరానికి కబురు పెట్టి, జాబితాలో ఆమె వరుస కొట్టేయించాడు. అది న్యాయమే. నేను నిజం చెప్పడం వల్ల పరిశోధన లెక్క సరయింది, చిన్నమ్మకు ఒరిగిందేమీ లేదు.

మరునాడు పొద్దున చిన్నమ్మ బస్సెక్కి ల్యాబుకొచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ కార్డు. తల దువ్వి పూలు కూడా పెట్టుకుంది. డాక్టరుగారు చెప్పిందంతా నాకు చేతనైనట్టు చెప్పాను. ఆ కార్డులో తప్పు నాదేనని కూడా చెప్పాను. ఏడుపొచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"నీవే రాసినావని నాకు తెల్దా ఏంది," అంది. కార్డు కేసి చూసి, "నీవు ఉత్తగా మొగం జూసి రాసింది చెల్లింది. రగతం దీసి జూసింది చెల్లదా పాపా?" అని అడిగింది.

ఆమె నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, రవిక చేయి పైకి మడిచి, బల్ల మీద చేయి చాపింది.

"ఇంగోసారి తీయి. ఈసారి సరిగ్గా జూడు," అంది.