స్వామన్న ఫోన్‌లో ఇరవై ఒకటో రోజు

మెదక్ బస్టాండ్ దగ్గర నాదో ఫోన్ల దుకాణం. స్వామన్న కంటే ముందు ఆయన మీది బర్రెల వాసన లోపలికొస్తుంది. ఆయన గోపాలమిత్ర, ఎదకొచ్చిన పశువులకు చూడి కట్టే సూది వేస్తూ ఇరవై ఏళ్లుగా ఊళ్లు తిరుగుతున్నాడు. మనుషుల పేర్లు మరిచిపోతాడు గానీ ఏ బర్రె కొమ్ములూ మరవడు.

సూది వేశాక ఇరవై ఒకటో రోజు మళ్లీ వెళ్లి ఎదకొచ్చిందేమో చూడాలి; రాకపోతే చూడి నిలిచినట్టే లెక్క. ఆ తేదీని ఆయన తన ఫోన్ క్యాలెండర్‌లో పెట్టి మరిచిపోతాడు. అదే అకౌంట్ భార్య భాగ్య ఫోన్‌లోనూ ఉంది కాబట్టి, పొద్దున్నే చూసి, ఏ ఊరికి పోవాలో చెప్పి ఆమే ఆయన్ను పంపిస్తుంది. రెండు నెలలుగా ఆమె ఫోన్‌కు కొత్త తేదీలూ రాలేదు, నంబర్లూ రాలేదు.

"రేగోడ్ యాదవ్వది ఒక్కటే బర్రె, చెల్లె. రెండుసార్లు సూదేస్తే నిలువలే. మూడోసారి ఏసిన, గిప్పుడు చూసే దినం తప్పితే అమ్మేస్తదట. బేస్తారం పోవాలె అనుకుంట. అకౌంట్ తీసి మళ్ల పెడితే అయితదట, వీడియోల చూసిన" అంటూ తీయబోయాడు.

చటుక్కున ఫోన్ లాక్కున్నాను. "ఆగన్నా! గీ రెండు నెలలయి నీ ఫోన్ల దప్ప ఎక్కడ లేవు. అకౌంట్ తీస్తే గవి గూడ పోతయి."

సెట్టింగ్స్ తెరిచాను. కాంటాక్ట్స్, క్యాలెండర్ రెండింటి సింకూ ఆఫ్. బ్యాటరీ సెట్టింగ్‌లో రెండూ వెనకాల నడవకుండా రిస్ట్రిక్టెడ్. పైగా రోజంతా బ్యాటరీ సేవర్!

"ఎవరు చేసిండ్రు గిది?"

"చార్జింగ్ తింటున్నయని నేనే బంద్ జేసిన" అన్నాడు, మహా తెలివైన పని చేసినట్టు. తిడదామనుకున్నా నవ్వొచ్చింది.

అన్నీ సరిచేశాను. అయినా సింక్ కాలేదు. ఇక అకౌంట్ తీయక తప్పదు. ముందు నంబర్లన్నీ ఫైలుగా నా కంప్యూటర్‌లోకి ఎక్కించాను. క్యాలెండర్‌ను అలా దించుకునే వీలు ఆ ఫోన్‌లో లేదు; నేను చదువుతుంటే ఆయన కాగితం మీద రాశాడు. చదువుతూ ఒకచోట ఆగిపోయాను.

"అన్నా, యాదవ్వ బర్రె ఇయ్యాల్నే! బేస్తారం కాదు."

ఫోన్ నా చేతిలోనే వదిలేసి, బండి మీద రేగోడ్ దారి పట్టాడు.

అకౌంట్ తీసేశాను. కాంటాక్ట్స్ అన్నీ ఖాళీ అయ్యాయి. పాస్‌వర్డ్ భాగ్యకే తెలుసు. ఫోన్ చేసి అడిగాను. ఆమె ఫోన్‌కు "ఇది మీరేనా" అని వస్తే అవునని నొక్కింది. పాత నంబర్లు వచ్చాయి. ఫైలులోంచి కొత్తవి కలిపి, కాగితం చూసి తేదీలు కొట్టాను.

"వచ్చినయి రజనీ, అన్ని వచ్చినయి!" అంది భాగ్య.

నాలుగింటికి స్వామన్న ఫోన్ మోగింది. తెర మీద "రేగోడ్ యాదవ్వ". ఎత్తితే ఆయన గొంతే.

"చెల్లె, ఎదకు రాలే! మూడు నెలలకు చెయ్యి పెట్టి చూస్తెనే ఖాయం, గని నాకు ఆశ పుట్టింది."

వెనక ముసలి గొంతు వినబడింది. "ఆశ లేదు, గీశ లేదు. నిలిచింది. ఇగ నా బర్రెను ఎవ్వలకియ్య."