పొత్రానికి టికెట్టు

రాయపూర్ విమానాశ్రయంలో కౌంటరు అమ్మాయి సంచీని తూకంలో పెట్టించి, ముందు అంకెను, తర్వాత భీమారావును చూసింది. తొమ్మిది కిలోలు. సంచీలో ఉన్నది రుబ్బురోలు పొత్రం.

"ఈ ఫేర్‌లో చెక్-ఇన్ బ్యాగ్ లేదు అంకుల్. కిలోకి అయిదు వందల యాభై," అంది హిందీలో. అంటే, మనిషి టికెట్టు కంటే రాయి టికెట్టే ఎక్కువ.

రిటైరయ్యేదాకా రైళ్లలో టికెట్లు తనిఖీ చేసిన మనిషి భీమారావు. ఈ టికెట్టునీ అలవాటు కొద్దీ పేరు, తేదీ, సీటు చూసి పెన్నుతో టిక్కు పెట్టేశాడు. పక్కన 'లైట్' అని ఉంటే, సీటు మీద బల్బు కాబోలు, ముసలాణ్ని కదా, చదువుకోడానికి ఇస్తున్నారు అనుకుని సంతోషించాడు కూడా. లైట్ అంటే సామాను లేని చవక టికెట్టని ఇప్పుడు తెలిసింది.

బయట గేటు దగ్గరే ఆగిపోయిన కూతురు నవ్యకు ఫోన్ చేశాడు.

"బుక్ చేసినప్పుడు ఎక్కడా చూపించలేదు నాన్నా. డబ్బులు కట్టే పేజీ దాకా ఫోటోలు తీసి ఉంచాను, కంప్లైంట్ పెడతాను. రాయి నాకిచ్చెయ్యండి, తర్వాత పార్సెల్ చేద్దాం."

తర్వాత అంటే ఎప్పుడు? రేపే విశాఖలో మరదలు పైడమ్మ గృహప్రవేశం. పెళ్లయి రాయపూర్ వస్తూ భీమారావు భార్య ఉమారాణి రోలు మోయలేక, అమ్మ అరచేతులకు నున్నబడిన పొత్రాన్ని మాత్రం తెచ్చుకుంది. రోలు చెల్లెలి దగ్గరే ఉండిపోయింది. రెండింటినీ ఒకచోట చేర్చాలని నలభై నాలుగేళ్లు అనుకుంటూనే ఉంది. భీమారావుకేమో ఎప్పుడూ డ్యూటీయే. పోయినేడాది ఆమే వెళ్లిపోయింది. వంటింట్లో ఆ రాయి పక్కన కూర్చుంటే ఇల్లంతా ఆమె కోసం వెతుక్కోవాలనిపిస్తుంది అతనికి.

"రేటు బోర్డు చూపించకుండా నేనెవరి దగ్గరా పైసా తీసుకోలేదమ్మా," అన్నాడు కౌంటరు అమ్మాయితో, గొంతు పెంచకుండానే.

"నా చేతిలో ఏం లేదు అంకుల్. రసీదు ఇస్తాను, కంపెనీకి రాయండి."

రసీదు అనే మాట దగ్గర అతను ఆగిపోయాడు. పెళ్లయ్యాక రాయపూర్ వచ్చిన ఆ మొదటి ప్రయాణంలో బియ్యం బస్తా, ఇత్తడి సామాను, పొత్రం కలిపి పరిమితి దాటాయని కొత్త పెళ్లాం సామానుకే లగేజీ రసీదు రాసి, తన జేబులోంచి కట్టాడు. రైలు పెట్టెంతా నవ్వింది. ఉమారాణి మాత్రం మొహం తిప్పుకుని, "రాయికి కూడా టికెట్టేటండీ?" అంది. జీవితమంతా వచ్చిన చుట్టాలందరికీ ఆ కథే చెప్పి దెప్పింది.

కార్డు తీసి ఇచ్చాడు. పొత్రం బెల్టు మీద కదిలి రబ్బరు తెరల వెనక్కి వెళ్లింది. రసీదును నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఇన్నాళ్లకు అతనికీ ఒకరు లగేజీ రాశారు. ఇది విని కడుపుబ్బా నవ్వాల్సిన మనిషే లేదు.