గోడకు వదిలిన పళ్ళు

నా చిన్నప్పుడు నాకు ముక్కు మీద కోపం. ఇప్పుడు తగ్గిందని నేననుకుంటాను, మా ఇంట్లోవాళ్ళు మాత్రం నవ్వి ఊరుకుంటారు. మా తాతయ్య నన్ను పేరు పెట్టి పిలిచినట్టు గుర్తే లేదు. మిరపకాయ్ అనేవాడు. అమెరికాలో పెరిగిన నాకు ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయడం వచ్చిందంటే అది ఆయన చలవే. నేను ఐదో క్లాసులో ఉండగా, డెబ్బైల ఆఖరులో, ఆయన వాషింగ్టన్ పక్కన షాంటిలీలోని మా ఇంటికి వచ్చి ఆరు నెలలున్నాడు. ఆంధ్రాలో పాత గుళ్ళు బాగుచేసే పనిలో ముప్పై ఏళ్ళు మేస్త్రీగా చేసి రిటైరైన మనిషి. చేతిలో ఉలి లేకపోతే వేళ్ళు ఊరికే ఉండవు, మా అమ్మ టమాటాలు తరుగుతుంటే కూడా ముక్కలన్నీ ఒక్క మట్టంలో లేవని తప్పుపట్టేవాడు.

ఆ ఏడాది మా టీచర్‌కి ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. మధ్యయుగాల చర్చిల గురించి పుస్తకంలో చదివితే ఏం తెలుస్తుంది, కడదాం పదండి అంది. స్కూల్ లైబ్రరీ మూలలో మనిషంత పొడుగు చెక్క పీఠం వేయించింది. ఐస్ ట్రేల్లో ప్లాస్టర్ పోసి చిన్న చిన్న రాళ్ళు తయారుచేశాం. అట్టతో అచ్చులు కత్తిరించి, ప్రతి రాయినీ దాని అచ్చుకు సరిపోయేదాకా ఉప్పుకాగితంతో అరగదీశాం. అప్పటి మేస్త్రీల సంఘాల్లో కూడా పెద్దమేస్త్రి చేతిలో అలాంటి అచ్చులే ఉండేవట. ఎవరు చెక్కినా రాయి ఒకేలా రావడానికి అదే కిటుకు. ప్రతివాడూ తను చెక్కిన రాయి మీద తన గుర్తు గీసుకునేవాడట. మా టీచర్ మమ్మల్నీ గుర్తులు ఎంచుకోమంది. ఇంకేముంది, నేను మిరపకాయ గీశాను.

అసలు సంగతి టీచర్ మొదటిరోజే చెప్పేసింది. ఇది మీ క్లాసులో పూర్తికాదు, మీ తర్వాత వచ్చేవాళ్ళు కడతారు, వాళ్ళ తర్వాత ఇంకొకళ్ళు, నిజం చర్చిలూ అలాగే లేచాయి అంది. అందరం ఉసూరుమన్నాం. కానీ ఉత్తరపు గోడ నాకు అప్పగించేసరికి నేను అన్నీ మర్చిపోయాను. ఆ గోడే నా ప్రాణమైపోయింది. దక్షిణపు గోడ ఒక ఎర్రజుట్టు కుర్రాడిది. వాడి గోడకంటే నాది ఒక్క వరసైనా ఎత్తుండాలని రిసెస్‌లో ఆడుకోడానికి కూడా వెళ్ళేదాన్ని కాదు.

సామాను ఇచ్చినవాళ్ళ పేర ఒక్కో కిటికీ కూడా పెట్టాం. పాత చర్చిల్లో రొట్టెలవాళ్ళు, చెప్పులవాళ్ళు కలిసి కిటికీలు చేయించి, అడుగున తమ పని చేసుకుంటున్న బొమ్మ వేయించుకునేవారట. మాకు ఇండియన్ గ్రోసరీ అంకుల్ ఊరికే బోలెడు అట్టపెట్టెలిచ్చాడు. ఆయన కిటికీ అడుగున నేను బియ్యం బస్తా గీశాను. తాతయ్యకి చెబితే కళ్ళు మెరిశాయి. మన గుళ్ళ గోడల మీదా అంతేనంటూ మొదలుపెట్టాడు. రాజులు ఊళ్ళకి ఊళ్ళే రాసిస్తే, గొల్లవాళ్ళు దీపంలో నేతికని గొర్రెల్నిచ్చారు, తెలికలవాళ్ళు నూనె పోశారు, వర్తకులు కలిసి మంటపాలు కట్టించారు, అన్నీ రాతిమీద ఉన్నాయి అన్నాడు. గొర్రెల్నిచ్చినవాడి పేరు రాజు పేరు పక్కనే ఉంటుందని చెప్పినప్పుడు ఆయన గొంతులో గర్వం ఇంకా నా చెవుల్లో ఉంది.

ఒక శనివారం నాన్న మమ్మల్ని వాషింగ్టన్‌లో ఒక పెద్ద చర్చికి తీసుకెళ్ళాడు. దాన్ని మా నాన్న పుట్టకముందు మొదలుపెట్టి, అప్పటికీ కడుతూనే ఉన్నారు. అక్కడొక తెల్లజుట్టు మేస్త్రి మాకు కమాను చూపించాడు. ముందు చెక్కతో కమాను ఆకారంలో చట్రం నిలబెడతారు. దానిమీద రెండు వైపులనుంచీ రాళ్ళు పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తిన చివరి రాయి దిగ్గొట్టాక, చట్రాన్ని మెల్లగా కిందికి దించుతారు. అప్పుడు రాళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుని నిలుస్తాయి. మన పాత గుళ్ళలో అయితే, ఒక్కో వరసనీ కింది వరసకంటే కాస్త ముందుకి జరిపి, వెనక బరువు పెడుతూ పోతారని తాతయ్య చెప్పాడు. నేనే మధ్యలో దుబాసీని. కాసేపటికి వాళ్ళిద్దరికీ నా అవసరమే లేకపోయింది. ఒకచోట గోడ సగంలో ఆగి ఉంది. దాని అంచున ఒక వరస బయటికీ, ఒక వరస లోపలికీ, ఎగుడుదిగుడుగా ఉంది. తాతయ్య ఆ అంచుని తడిమి పకపకా నవ్వాడు. ఆ మేస్త్రీ నవ్వాడు. అందులో నవ్వడానికేముందో నాకర్థం కాలేదు.

వసంతం వస్తుండగా నా నెత్తిన పిడుగు పడింది. నాన్నకి ఆరిజోనాలో, చాండ్లర్ దగ్గర, కంప్యూటర్ చిప్‌లు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పది రోజుల్లో ప్రయాణం. నా గోడ సగం కూడా కాలేదు! ఎర్రజుట్టువాడు ఊరుకుంటాడా, నువ్వు వెళ్ళగానే నీ గోడ పడగొట్టి కొత్తది కడతాంలే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను లేకపోతే నా గోడా ఉండదా? ఆ మధ్యాహ్నమే గోడ చివర అన్ని రాళ్ళనీ ఒక్క గీతలో తెగ్గోసినట్టు కట్టి, నున్నగా ప్లాస్టర్ పూసి, పైనించి కిందిదాకా నా పేరు పెద్ద అక్షరాలతో చెక్కాను. ఇక దీన్ని ఎవరూ పొడిగించలేరు, నాది నాదిగానే ఉంటుందనుకున్నాను. ఎర్రజుట్టువాడు అది చూసి తన గోడనీ అలాగే నున్నగా ముగించుకున్నాడు.

ఇంటికెళ్ళి తాతయ్యకి గొప్పగా చెప్పుకున్నాను. ఆయన నా సంచిలో మిగిలిన రాళ్ళన్నీ అడిగి తీసుకున్నాడు. మర్నాడు స్కూల్‌నించి వచ్చేసరికి వంటింటి బల్ల మీద రెండు బుల్లి గోడలున్నాయి, నా రాళ్ళతోనే కట్టినవి. రెండూ పైకి ఒక్కలాగే ఉన్నాయి.

"రెండూ రెండు దఫాలుగా కట్టినవే. ఏదీ, ఒక్కోటీ ఆ కొసా ఈ కొసా పట్టుకుని పైకెత్తు, మిరపకాయ్" అన్నాడు.

మొదటిది ఎత్తగానే నడిమికి ఠప్పుమని రెండు ముక్కలైంది. విరిగినచోట నున్నగా, నేను ముగించిన అంచులాగే ఉంది. రెండోది ఊపినా, కుదిపినా చెక్కుచెదరలేదు. దగ్గరగా చూస్తే దాని అతుకు తిన్నగా లేదు. ఒక రాయి ఇటు, ఒక రాయి అటు, రెండు చేతుల వేళ్ళు పెనవేసినట్టు ఉంది. అప్పుడు వెలిగింది నాకు ఆ చర్చి దగ్గర వాళ్ళెందుకు నవ్వుకున్నారో.

"పళ్ళు వదలాలే అమ్మడూ. గోడ ఆపేటప్పుడు రాబోయేవాడు పట్టుకోవడానికి పళ్ళు వదలాలి. నున్నగా ముగిస్తే నీది నీకే మిగులుద్ది, రేపు వాడు కట్టినా అంటుకోదు" అన్నాడు.

ఆపైన ఒక గోపురం సంగతి చెప్పాడు. కింది అంతస్తు ఒక రాజు కాలంలో లేచింది. తర్వాత యుద్ధాలు, కరువులు. మేస్త్రీలు చెల్లాచెదురయ్యారు. కానీ పోయేముందు అంచున రాళ్ళని పళ్ళలా వదిలి, తర్వాత వచ్చేవాడు అక్కడే నిలబడి చెక్కుకోవడానికి కొన్ని రాళ్ళని మొద్దుగానే ఉంచి వెళ్ళారు. మనవల తరం వచ్చి, ఆ పళ్ళలో తమ రాళ్ళు దిగ్గొట్టి పని అందుకుంది. తాతయ్య ఆ గోడ విప్పి బాగుచేసినప్పుడు, కింది రాయి మీద చేప గుర్తు, పై రాయి మీద అదే చేప, పక్కన ఒక గీత కనిపించాయట. మనవడెవడో తాత గుర్తుకి గీత చేర్చుకుని ఉంటాడని ఆయన నమ్మకం. అది చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను, కానీ సగం నా గోడ గురించే.

మర్నాడు తాతయ్యతో స్కూల్‌కి వెళ్ళి, టీచర్‌ని అడిగి, నా పేరు నేనే పగలగొట్టాను. ఎంత కష్టమనిపించిందో చెప్పలేను. వరస విడిచి వరసలో చివరి రాయి ఊడదీశాం. ఎర్రజుట్టువాడు నా ముందే నవ్వాడు. నీదీ తీసెయ్ రా అంటే, నాది బాగానే ఉందిలే అన్నాడు. లోపల, ఎవరికీ కనబడని చోట ఒక్క మిరపకాయ గీసి, నేను చాండ్లర్ వెళ్ళిపోయాను.

రెండేళ్ళ తర్వాత టీచర్ ఉత్తరం రాసింది, ఫోటోతో సహా. కొత్త పిల్లలు రెండు గోడలూ పొడిగించి పైన రాతి కప్పు వేశారట. చట్రం దించగానే కప్పు బరువు గోడల్ని బయటికి తోసింది. దక్షిణపు గోడ సరిగ్గా నున్నటి అతుకు దగ్గర నోరు తెరిచింది. ఉత్తరపు గోడ కదల్లేదు! నేను ఉత్తరం పట్టుకుని ఇల్లంతా గెంతాను. దక్షిణపు గోడని విప్పి, పళ్ళు కుదిర్చి, బయటినుంచి ఆనుడు స్తంభాలు పెట్టి మళ్ళీ కట్టారని ఆఖరున రాసింది. వచ్చి ఆ పళ్ళు కుదిర్చింది ఎర్రజుట్టువాడేనట. నాకెందుకో వాడి మీద కోపం పోయింది.

ఎనభైల చివర్లో, నేను కాలేజీలో చేరిన ఏడాది, చివరి రాయి పెడుతున్నాం రమ్మని కబురొచ్చింది. అప్పటికి తాతయ్య మూడోసారి అమెరికా వచ్చి మా దగ్గరే ఉన్నాడు. కర్ర పట్టుకుని మరీ విమానమెక్కాడు. లైబ్రరీ మూలలో ఆ చర్చి శిఖరంతో సహా నిలబడి ఉంది. ఏడాదికొకటి చొప్పున తొమ్మిది క్లాసుల పిల్లలు కట్టింది! ఆ ఏటి ఐదో క్లాసు పిల్ల ఒకత్తి కుర్చీ ఎక్కి చివరి రాయి దించింది. లైబ్రరీ పైకప్పు ఎగిరిపోయేలా అందరం అరిచాం.

తాతయ్య ఆ గొడవేం పట్టించుకోలేదు. కళ్ళజోడు సర్దుకుని, ఉత్తరపు గోడంతా వేలితో తడుముతూ పోయాడు. ఒకసారి వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చాడు. ముప్పై ఏళ్ళు గుళ్ళలో అతుకులు పట్టిన చెయ్యి అది.

"ఎక్కడే నువ్వాపింది? దొరకట్లేదు!" అన్నాడు, ఓడిపోయినవాడిలా కాదు, పండగ వచ్చినవాడిలా.

నాకూ దొరకలేదు. టీచర్ చిన్న టార్చ్ ఇస్తే కిటికీలోంచి లోపలికి చూశాను. మూలన నా మిరపకాయ. దాని పక్క రాయి మీద మరో మిరపకాయ, ఒక గీతతో. తర్వాతి దానికి రెండు గీతలు. అలా వరసగా ఎనిమిది గీతల దాకా. ఆ పిల్లలెవరో నేనెరగను. వాళ్ళకి నా పేరు కూడా తెలీదు. తాతయ్యకి టార్చ్ అందించాను. చూసి, ఆ జనంలోనే నా భుజం పట్టుకుని బిగ్గరగా ఏడ్చాడు. నా జీవితంలో అంత గెలిచినట్టు నాకు మళ్ళీ ఎప్పుడూ అనిపించలేదు.

తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. నేను వంతెనలు గీసే ఇంజినీరునై, జుట్టు నెరిసి, వచ్చే నెల రిటైరవుతున్నాను. నా బల్ల మీద ఒక వంతెన బొమ్మ సగంలో ఉంది. నిన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, మేడమ్, ఇది మీరే పూర్తిచేసి వెళ్ళండి, మీ పేరుంటుంది అంది. పాత కోపం ఒక్క క్షణం లేచింది, పూర్తిచేసేద్దామని. తర్వాత కుర్చీ జరిపి ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఎక్కడ ఆపానో, ఎందుకాపానో, ఏ లెక్క తను అందుకోవాలో ఒక్కొక్కటీ చూపించి, చివరి కాగితం మూలన బుల్లి మిరపకాయ గీశాను. అదేంటి మేడమ్ అని అడిగింది. పక్కన ఒక గీత గీసుకో, చెబుతాను అన్నాను.