లాగ్ మీట నొక్కిన వారం

బ్రేకు డ్రమ్ములు పోతపోసే హోసూరు కంపెనీలో, తొంభైల చివర, నాది ఒక వింత పని. సుత్తితో తట్టినప్పుడు డ్రమ్ము మోగే తీరును బట్టి పగులు కనిపెట్టడం కంప్యూటరుకు నేర్పాలి. తప్పు చేసిన ప్రతిసారీ అది తన్ను తాను ఎంత దిద్దుకోవాలో ఒక రేటు చెబుతుంది. ఆ రేటు 0.5తో మొదలై, విడతవిడతకూ తగ్గుతూ, రెండువేల విడతలకు 0.005కు దిగాలి.

నేర్పడం ముగించి, కంప్యూటరును పనిలో పెట్టిన వారానికి, ఎందుకో చివరి రేటు తీసి చూశాను. 0.068 ఉంది. రేటు వందో వంతుకు తగ్గాలంటే వందకు సహజ లాగరిథమ్, అంటే 4.605, తీసుకుని రెండువేలతో భాగించాలి; అదే విడతకు తగ్గే పాలు. నేను బడిలో లాగ్ టేబుల్ చూసిన అలవాటుకొద్దీ క్యాలిక్యులేటర్లో పది ఆధారంగా లెక్కించే లాగ్ మీట నొక్కి, వచ్చిన రెండును భాగించాను. 0.0023 రావలసిన చోట 0.001 పెట్టాను. పాఠం చివరి దాకా కంప్యూటరు దిద్దుకోవడంలో పెద్ద అంగలే వేసింది, ఎక్కడా కుదురుకోలేదు.

అప్పటికే రెండు లారీల డ్రమ్ములు జూజువాడి చెక్‌పోస్టు దాటిపోయాయి.

డ్రమ్ములు తట్టి తనిఖీ చేసే పెద్దాయన దగ్గరికి పరుగెత్తి, “అన్నా, లెక్క తప్పినాను,” అన్నాను.

ఆయన సుత్తి దించలేదు. “నీ పెట్టె మాట నమ్మి పంపేదానికి నాకేం పిచ్చాప్పా? అన్నీ మళ్లా కొట్టి చూసే పంపినాను. పగిలినవి ఆడుండాయి, చూడుపో.”

మూలన నాలుగు డ్రమ్ములు. నాలుగింటి మీదా, కంప్యూటరు మాట మీద బాగున్నాయని నా చేత్తో నేను గీసిన పచ్చ గీత.