మూడో గోడౌనులో గురక

పీయూసీ తప్పాక ఇంట్లో కూర్చోనివ్వలేదు. విజయనగరం శివార్లలో ఒక వ్యాపారికి గోగునార గోడౌన్లు ఉండేవి. అక్కడ పగటి కాపలాదారు మాకు దూరపు చుట్టం, నాకు వరసకు మేనమామ. ఆయన మాట మీద నన్ను రాత్రి కాపలాకి పెట్టుకున్నారు. అరవైల చివరి రోజులు. నాకు ఇరవై ఒకటో ఏడు.

నేను భయపడింది దొంగలకు కాదు, గడియారానికి. తోలు సంచిలో భుజాన వేలాడే బరువైన గుండ్రటి గడియారం అది. ఆవరణలో ఏడుచోట్ల గోడకి చిన్న ఇనపపెట్టెలు, ఒక్కోదాంట్లో గొలుసుకు కట్టిన తాళంచెవి. గంటకోసారి తిరిగి, ఆ చెవిని గడియారంలో పెట్టి తిప్పాలి. లోపలున్న గుండ్రటి కాగితం మీద ఆ చెవి నంబరు అప్పుడైన టైము దగ్గర అచ్చు పడుతుంది. పొద్దున్న మేనేజరు గారు మాత్రమే మూత తెరిచి కాగితం మారుస్తారు. మధ్యలో ఇంకెవరు తెరిచినా దానికీ ఓ గుర్తు పడుతుంది. ఎక్కడో కూర్చుని చుట్టి వచ్చానని చెప్పడానికి వీల్లేదు.

దానికి తోడు లాగు బుక్కు, రాత్రి జరిగిందంతా టైముతో సహా రాసే పుస్తకం. పేజీలకి నంబర్లు ఉంటాయి కనక చింపకూడదు. తప్పు రాస్తే ఒకే గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి. మొదటిరోజే మేనేజరు గారు చెప్పారు: "చూసింది రాయి, విన్నది రాయి. అనుకున్నది రాయకు."

పదిరోజులు అలాగే రాశాను. తాళాలు సరి. లక్క ముద్రలు సరి. నిప్పు బక్కెట్లు నిండుగా ఉన్నవి. పదకొండో రాత్రి ఇలా రాయవలసి వచ్చింది:

*1.40. మూడో గోడౌను. తాళం సరి. ముద్ర సరి. లోపల గురక వినబడినది.*

*1.45. "ఎవరు?" అని అడిగితిని. గురక ఆగినది. జవాబు లేదు.*

*1.50. గురక మరల మొదలైనది.*

పొద్దున్న ఆ మూడు వరసల కింద మేనేజరు గారి ఎర్రసిరా: "ఆ గురక నీదే."

నాకు ఒళ్ళు మండింది. గడియారం కాగితం చూడమన్నాను. 1.40 దగ్గర మూడో నంబరు స్పష్టంగా ఉంది.

"చెవి తిప్పినప్పుడు మెలకువగానే ఉన్నావయ్యా. తిప్పాక అక్కడే కూలబడి నిద్రపోయావు. నీ గురకకి నువ్వే లేచావు," అన్నారు.

మేనమామ నన్ను పక్కకి లాగాడు. "ఒరే అల్లుడా, నిజం సెప్పు. తొంగున్నావా?"

"నేదు మావా. నీ మీదొట్టు."

"నా మీదెందుకురా ఒట్టు? నీ మీదేసుకో. దెయ్యమేమో మరి."

"దెయ్యానికి గురకేటి మావా? దానికి నిద్దరుంటాదా?"

ఆయన "నిజివే," అన్నాడు. కానీ ఆరోజు నుంచి పొద్దు వాలకముందే ఇంటికి బయలుదేరేవాడు.

ఆ రాత్రి నేనొక పని చేశాను. ఒకటిన్నర నుంచి రెండున్నర దాకా మూడో గోడౌను దగ్గరే నిలబడి, ఐదేసి నిమిషాలకోసారి చెవి తిప్పాను. ప్రతిసారీ లాగులో ఒక వరస.

*1.30. గురక లేదు.*

*1.35. ఉన్నది.*

*1.40. ఉన్నది. ఒకరిది కాదు. ఇద్దరో ముగ్గురో.*

*1.55. ఉన్నది. నేను నిలబడి ఉన్నాను.*

పొద్దున్న మేనేజరు గారు కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకుని చూశారు. మూడో నంబరు పదమూడుసార్లు, పూసల్లా వరసగా. వాటి వెంట వేలు జరిపి రెండుసార్లు లెక్కపెట్టారు. ముఖంలో రంగు మారింది. అయినా మాట మాత్రం, "మరి ఆ గంటలో మిగతా ఆరుచోట్లకి ఎవరు తిరిగారు? నీ తాతా?"

పగలు కూలీలతో గోడౌను తెరిపించారు. నార మోపులు కప్పుకి బారెడు దిగువదాకా పేర్చి ఉన్నాయి. చుట్టూ తిరిగారు, సందుల్లోకి కర్రలు పొడిచారు, మోపుల పైకి మాత్రం ఎవరూ ఎక్కలేదు. మనిషి లేడు, మనిషి తిన్న ఎంగిలాకూ లేదు. మళ్ళీ తాళం, గుడ్డ, లక్క, ముద్ర.

"రాత్రికి నేనే వస్తాను," అన్నారు మేనేజరు గారు.

వచ్చారు. పడకకుర్చీ, మంకీ టోపీ, శాలువా, మూడు బ్యాటరీల టార్చి. మూడో గోడౌనుకి ఎదురుగా కుర్చీ వేయించుకున్నారు. "నేను కునుకు తియ్యను. నువ్వు నీ పని చూసుకో," అన్నారు. నేను పన్నెండు గంటల చుట్టు పూర్తి చేసి వచ్చేసరికి ఆయన మెడ ఒరిగిపోయింది.

చేతిలో పెన్సిలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఉద్యోగం పోతుందేమో. రాయకపోతే, రాయలేదని పోతుందేమో. లాంతరు దగ్గరికి జరిపి చివరికి రాశాను.

*12.50. మేనేజరు గారు కుర్చీలో ఉన్నారు. గురక కుర్చీ వైపు నుండి వినబడినది.*

*1.40. గురక గోడౌను లోపలి నుండి కూడా వినబడినది. రెండూ ఏకకాలమున వినబడుటచేత రెండూ వేరు.*

*1.52. తూర్పు గోడ మీదుగా తెల్లనిది ఒకటి వచ్చినది. చప్పుడు లేదు. గోడౌను పై గవాక్షములోనికి పోయినది. లోపల గురక ఎక్కువైనది.*

ఆ మూడో వరస రాసేటప్పుడు పెన్సిలు ములుకు విరిగింది. ఆయన భుజం కుదిపాను.

"ఏటి? ఏటి?" మేనేజరు గారు ఉలిక్కిపడి లేచారు. నిద్రలో ఆఫీసు భాష పోయి ఊరి భాష వచ్చేసింది. "నాను తొంగోనేదు!"

"లోపలికెల్లిందండి. తెల్లగుంది."

ఆయన లోపలి చప్పుడు చెవులారా విన్నారు. తాళం తీయక తప్పలేదు. పెన్సిలు చెక్కించి, నా చేత ముందు లాగులో ఆ సంగతి రాయించి, పై వరసలు చూడకుండానే సంతకం పెట్టి, అప్పుడు ముద్ర పగలగొట్టారు. తలుపు బార్లా తెరిచి టార్చి పైకి వేశారు.

మోపుల మీద, కప్పు కింద, నాలుగు తెల్లటి ముఖాలు. కళ్ళు నల్లగా. నాలుగూ ఒకేసారి అటూ ఇటూ ఊగుతూ మమ్మల్ని చూసి బుస్సుమన్నాయి.

మేనేజరు గారు వెనక్కి పరిగెత్తిన చప్పుడు విన్నాను. ఆ తర్వాత ఇంకో చప్పుడు. టార్చి దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. నేను తీసి మళ్ళీ పైకి వేశాను. గుడ్లగూబ పిల్లలు. మెత్తటి బూరుతో, పసిపిల్లలంత గంభీరంగా ఉన్నాయి. పక్కన తల్లి, నోట్లో ఎలుక. ఆకలేసి పిల్లలు అరిచే అరుపే ఆ గురక. నాలుగూ ఆ ఎలుక కోసం మళ్ళీ మొదలుపెట్టాయి.

*2.08. గోడౌనులో గుడ్లగూబ ఒకటి, పిల్లలు నాలుగు. మనుషులు లేరు.*

*2.10. నాలుగో నిప్పు బక్కెట్టులో నీరు ఒలికినది. కారణము: మేనేజరు గారి కుడి కాలు.*

*2.25. బక్కెట్టు నింపితిని. మూడో గోడౌనుకు తాళము వేసి కొత్త ముద్ర వేసిరి.*

పొద్దున్న ఆయన ఎర్రసిరా కలం తెరిచి లాగు ముందు కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను. పక్కన మేనమామ. మేనేజరు గారు ఒక్కో వరసా చదివారు. 12.50 దగ్గర కలం ఆగింది. పేజీ నంబరు చూశారు. నన్ను చూశారు. చివరికి ఏదో రాసి, సంతకం పెట్టి, పుస్తకం నావైపు తోశారు. అక్కడ ఉంది: "గురక కాదు. జలుబు."

మేనమామ బయటికొచ్చాక నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని గోడకి చేరబడ్డాడు. "అల్లుడా, కుడి కాలని కూడా రాసావేటిరా!"

పిల్లల్ని తీసేయమని వ్యాపారి గారు మనిషిని పంపారు. మేనేజరు గారు ఒప్పుకోలేదు. ఆ గోడౌనులో ఎలుకలు కొరికిన మోపులు తగ్గాయని పట్టుబట్టి చెప్పారు. నెల రోజులకి ఒక్కొక్కటిగా అవే ఎగిరిపోయాయి. ఆ నెలంతా పొద్దున్నే కాగితం మార్చడానికి వచ్చినప్పుడల్లా, గడియారం మూత తెరవకముందే ఆయన అడిగేవారు:

"పిల్లలు తిన్నాయా?"