కదలిక లేదని మూసేశారు

ఫిల్మ్ నగర్‌లో మాట చెల్లుతుంది అంటారు. డైరెక్టర్ నోటితో "ఓకే" అంటే షాట్ ఓకే. హీరో ఫోన్‌లో "సరే" అంటే డేట్లు ఖాయం. కాగితం ఎవరూ అడగరు, అడిగితే అవమానంగా చూస్తారు. నేను పనిచేసే పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియోలో డబ్బింగ్ సాఫ్ట్‌వేర్ రాసేది ఆరుగురం. మాకూ అదే అలవాటు అంటుకుంది.

పాత టూల్‌లో ఒక జబ్బు ఉండేది. సెకనుకి ఇరవైనాలుగు ఫ్రేములనీ, ఇరవైనాలుగుకి పిసరంత తక్కువనీ రెండు లెక్కలుంటాయి. టూల్ ఆ రెండిటినీ ఒకటే అనుకునేది. సినిమా మొదట్లో ఏమీ తెలియదు, ఇంటర్వెల్‌కి వచ్చేసరికి పెదవులు ఒక దారి, మాటలు ఒక దారి. అది నేను సరిచేశాను. సరిచేసి పుల్ రిక్వెస్ట్ పెట్టాను, అంటే నా మార్పు చూసి అసలు కోడ్‌లో కలపండి అని అర్జీ. చూడాల్సింది మా టీమ్ లీడ్. ఆయన చూడలేదు.

ప్రతి సోమవారం ఉదయం తనంతట తను నడిచే చిన్న ప్రోగ్రామ్, మా భాషలో జాబ్, ఒకటి ఆయనే రాసి పెట్టారు. అది తెరిచి ఉన్న పుల్ రిక్వెస్టులన్నీ తిరగేసి, రెండు వారాలుగా కదలిక లేనివాటిని ఏరి, "ఇది ఇంకా కావాలా?" అని కామెంట్ రాసి, ఒక లేబుల్ తగిలిస్తుంది. వచ్చే సోమవారానికీ ఎవరూ పలకకపోతే మూసేస్తుంది. మొదట్లో తన కామెంట్‌నే కదలిక అనుకుని ఏదీ మూయలేకపోయేది. తన రాత లెక్కలోకి రాదని సార్ దానికి నేర్పారు. అది ఎవరి వల్ల ఆగిందో చూడమని మాత్రం నేర్పలేదు.

నాకు రెండుసార్లు లేబుల్ పడింది. రెండుసార్లూ "రివ్యూ కోసం ఎదురుచూస్తున్నాను" అని రాసి బతికించుకున్నాను. మూడోసారి పడిన రోజే ప్రివ్యూ థియేటర్లో, అప్పుడు మా చేతిలో ఉన్న సినిమాలోంచి ఒక రీలు నా మార్పుతో వేసి చూపించాను. పెదవీ మాటా కలిసి నడిచాయి. అందరి ముందూ సార్ అన్నారు: "బాగుందమ్మా. ఓకే. నేను కలిపేస్తాను."

ఓకే అన్నాక ఇంకా ఏం రాయాలి? మర్నాటి నుంచి సెలవు పెట్టాను. మా నాన్నకి కంటి ఆపరేషన్. నాన్న ముప్పయ్యేళ్లు లైట్‌మన్. ఎన్ని సినిమాలకి వెలుగు పట్టాడో, ఒక్క తెర మీదా ఆయన పేరు పడలేదు. ఈ సినిమా చివర టెక్నీషియన్ల పేర్లలో మా టీమ్ వాళ్లవీ వేస్తామన్నారు, ఎవరి మార్పులు కలిశాయో వాళ్లవి. ఆ సంగతి చెప్పగానే నాన్న రహమత్ నగర్‌లో మా గల్లీ అంతా చాటింపు వేశాడు.

తిరిగి వచ్చేసరికి నా అర్జీ మూసి ఉంది. కదలిక లేదట! థియేటర్లో అన్న ఓకే జాబ్‌కి వినపడదు కదా. మూసిన రోజు సాయంత్రమే సినిమా ఫైనల్ కాపీ ఇచ్చేయాల్సి ఉండడంతో, సార్ నా లైన్లు తీసుకుని, తన పేరుతో కొత్త అర్జీ పెట్టి, తనే కలిపేసుకున్నారు. మూసిన దాన్ని ఒక్క నొక్కుతో మళ్లీ తెరవొచ్చు. ఆ నొక్కు నొక్కడానికి ఆయనకి తీరిక లేకపోయింది.

ఒళ్లు మండిపోయింది. వెళ్లి అడిగాను.

"నేను మూయలేదమ్మా, జాబ్ మూసింది. దానికి నీ, నా అని తేడా ఉండదు," అన్నారు.

"రూల్ రాసింది మీరే కదా సార్. రివ్యూ చేసేవాళ్లు చూడకపోతే రాసినవాళ్లది మూసేస్తదా? గట్లయితే ఎవరి తప్పుకి ఎవరికి శిక్ష?"

"అయితే నువ్వే మార్చు," అన్నారు.

మార్చాను. ఇప్పుడది ముందు పని ఎవరి దగ్గర ఆగిందో చూస్తుంది. సవరణలు అడిగినా రాసినవాళ్లు చేయకపోతే గుర్తుచేసి, ఆపై మూస్తుంది. రివ్యూ కోసమే ఆగి ఉంటే మూయదు, చూడాల్సినవాళ్ల పేరు మా టీమ్ చాట్ గ్రూప్‌లో పెడుతుంది. మొదటి సోమవారం గ్రూప్‌లో వరసగా సార్ పేరే. మధ్యాహ్నానికల్లా ఆ మెసేజ్ ఆపించారు.

నాకు కలిసొచ్చిందేమీ లేదు. తెర మీద వేసే పేర్లు అప్పటికే వెళ్లిపోయాయి, వాటిలో నాది లేదు. ఆ మాట నాన్నకి చెప్పడానికి నోరు రాలేదు.

మొదటి ఆటకి తీసుకెళ్లాను. సినిమా అయిపోయి జనం లేస్తుంటే, నాన్న ముందు సీటు పట్టుకుని తెరకేసి వంగాడు. సార్ పేరు వచ్చింది. ఆయన కింద ఇంకెవరివో వచ్చాయి. తెర తెల్లబడింది.

"జర జల్ది పోయింది బిడ్డా," అన్నాడు కన్ను తుడుచుకుంటూ. "గీ కన్ను ఇంకా సాఫ్ కాలే. నీ పేరు నాకే కనవడలే. వచ్చిందా?"

"వచ్చింది నాన్నా," అన్నాను.